కానుకగా వెండి: ఏ వేడుకకు, ఎవరికి, ఎంతలో?

బారసాలకో గృహప్రవేశానికో పిలుపు వస్తే తెలుగిళ్లలో చాలాకాలం ఒక తేలికైన లెక్క నడిచింది. బాగా దగ్గరివాళ్లయితే వెండి గిన్నె, కాస్త దూరమైతే కుంకుమ భరిణె, మరీ దూరమైతే కవరులో నూట పదహార్లు. 2025లో ఈ లెక్క తలకిందులైంది. ఆ ఒక్క ఏడాదిలోనే దేశంలో వెండి ధర రెట్టింపు దాటింది. గిన్నెకని పక్కన పెట్టుకున్న డబ్బుకు భరిణె వస్తే గొప్ప అన్నట్టయింది.

ధర పెరిగినప్పుడు దుకాణంలో వస్తువు చిన్నది కాదు, పలచనవుతుంది. చూపుకు అదే గిన్నె, అదే మెరుపు. రేకు మందం మాత్రం తగ్గుతుంది. కుందులు లోపల డొల్లగా వస్తాయి. దేవుడి బొమ్మ మీద వెండి పొర, లోపల రెజిన్ ఉంటాయి. అలాంటి కానుక ఇచ్చినవారికి ఖర్చు మిగులుతుంది, పుచ్చుకున్నవారికి రెండేళ్లలో సొట్టపడిన రేకు మిగులుతుంది. అందుకే వెండి కానుక ఎంచుకునేటప్పుడు అద్దాల బీరువాలోని వస్తువుల కంటే ముందు చూడాల్సింది, ఇచ్చే డబ్బులో వెండికి పోయేది ఎంత, మిగతావాటికి పోయేది ఎంత అన్నది.

పది వేల రూపాయల్లో వెండి ఎంత?

మేనకోడలి అన్నప్రాశనకు గిన్నె, చెంచా కొనాలి, బడ్జెట్ 10,000 రూపాయలు అనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి స్వచ్ఛమైన వెండి గ్రాము 200 రూపాయలని పెట్టుకుందాం. ఇది ఉదాహరణ ధర మాత్రమే. కొనే రోజు ధరను దీని స్థానంలో వేసుకుంటే సరిపోతుంది.

వెండి వస్తువుపై జీఎస్టీ 3 శాతం. 10,000లోంచి అది తీసేస్తే దాదాపు 9,709 రూపాయలు మిగులుతాయి. మజూరీ 15 శాతమైతే అందులో లోహానికి వెళ్లేది 8,442 రూపాయలు. గిన్నె 925 వెండిది, అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది సాధారణంగా రాగి. దాని ధర గ్రాముకు 185 రూపాయలు కావాలి. ఆ లెక్కన సుమారు 45.6 గ్రాముల వస్తువు చేతికొస్తుంది. అందులో అసలు వెండి 42.2 గ్రాములు.

అదే పది వేలతో ఇంకో దుకాణంలోకి వెళదాం. అక్కడా మజూరీ 15 శాతమే. కానీ వస్తువు 80 టచ్‌ది, అంటే నూటికి 80 పాళ్లే వెండి. ధర మాత్రం స్వచ్ఛమైన వెండిదే, గ్రాముకు 200. బిల్లు మీద 42.2 గ్రాములని ఉంటుంది. అందులో అసలు వెండి 33.8 గ్రాములు. రెండు గిన్నెలూ పక్కపక్కన పెడితే తేడా కంటికి కనపడదు. లోహంలో మాత్రం దాదాపు 1,700 రూపాయల తేడా ఉంది. అమ్మినాయన అబద్ధమేమీ చెప్పి ఉండకపోవచ్చు కూడా. ‘గ్రాము రెండొందలు, మజూరీ పదిహేను శాతం’ అన్నది నిజమే. ఎన్ని పాళ్ల వెండి అన్నది కొన్నవారు అడగలేదు, ఆయన చెప్పలేదు.

అందుకే దుకాణంలో మొదట వేయాల్సిన ప్రశ్న ‘గ్రాము ఎంత?’ కాదు, ‘ఇది ఎన్ని పాళ్ల వెండి, ఆ పాళ్లకు గ్రాము ఎంత?’. రెండో ప్రశ్న మజూరీ గురించి. కొన్ని దుకాణాలు దాన్ని శాతంగా, కొన్ని గ్రాముకు ఇంత అని, కొన్ని తరుగు పేరుతో చెబుతాయి. ఏ పేరుతో చెప్పినా మొత్తం ధరలో లోహం విలువను తీసేసి చూస్తే అసలు మజూరీ బయటపడుతుంది. పై ఉదాహరణలో మజూరీ 30 శాతమైతే 925 వెండి వస్తువు 40 గ్రాములకు పడిపోతుంది. నగిషీ పని నిజంగా చేయి తిరిగిన పనివాడిదైతే ఆ డబ్బు ఇవ్వడంలో తప్పు లేదు. అచ్చులో నొక్కి తీసిన గిన్నెకు 30 శాతం ఇవ్వాల్సిన పని లేదు.

కొన్నిచోట్ల చిన్న వస్తువులకు బరువుతో సంబంధం లేకుండా పెట్టె మీదే ధర ముద్రించి అమ్ముతారు. అప్పుడు కూడా తూకం వేయించి, ధరను గ్రాములతో భాగిస్తే సంగతి తెలిసిపోతుంది. గ్రాముకు పడిన ధర ఆనాటి వెండి ధరకు రెట్టింపు ఉంటే కొన్నది వెండి కాదు, పెట్టె.

మందం లెక్క

పై లెక్కలో వచ్చిన 45 గ్రాములను 35 గ్రాముల గిన్నెగా, 10 గ్రాముల చెంచాగా విడదీద్దాం. అరగోళంలా ఉండే గిన్నె 7 సెంటీమీటర్ల వెడల్పుంటే, 35 గ్రాముల వెండి దాని మీద దాదాపు 0.44 మిల్లీమీటర్ల మందంగా పరుచుకుంటుంది. అది చేతిలో నిలబడే గిన్నె. అదే 35 గ్రాములతో 9 సెంటీమీటర్ల గిన్నె చేస్తే మందం 0.27 మిల్లీమీటర్లకు దిగుతుంది. అంచును రెండు వేళ్ల మధ్య నొక్కితే లోపలికి వంగుతుంది. పసిబిడ్డ ఒకసారి కింద పడేస్తే సొట్ట ఖాయం.

వేడుకలో పెద్ద గిన్నె ఘనంగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది రెండోదాన్నే ఎంచుకుంటారు. ఇంట్లో వాడుకకు వచ్చేది మొదటిది. ఒకే బరువులో రెండు సైజులుంటే చిన్నదాన్నే తీసుకోవాలన్నది వెండి గిన్నెలు, గ్లాసులు, పళ్లేలు అన్నింటికీ వర్తిస్తుంది. నాణెం, ఉద్ధరిణి లాంటి గట్టి వస్తువులకు ఈ బెడద లేదు.

999 వెండి ఎక్కువ స్వచ్ఛమైనది కదా, గిన్నె కూడా అదే తీసుకుంటే మంచిది కాదా అన్న సందేహం సహజం. స్వచ్ఛమైన వెండి మెత్తన. నాణేనికి అది సరిపోతుంది, ఎందుకంటే నాణెం బీరువాలో ఉంటుంది. రోజూ కడిగే గిన్నెకు, తలుపు తగిలే గజ్జెలకు కాస్త రాగి కలిసిన 925 గట్టిగా నిలుస్తుంది.

ముద్ర ఏం చెబుతుంది

బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి. వెండికి ఇంకా ఐచ్ఛికమే. ముద్ర లేని వెండి అమ్మడం నేరం కాదు, ముద్ర లేనంత మాత్రాన అది నకిలీ అనుకోవాల్సిన పనీ లేదు. కానీ కానుక కొనేవారికి ముద్ర ఉన్న వస్తువు దొరికితే ఒక పెద్ద తలనొప్పి తీరుతుంది, ఎందుకంటే పుచ్చుకున్నవారు వెళ్లి దుకాణాన్ని నిలదీసే పరిస్థితి ఉండదు.

2025 సెప్టెంబర్ 1 నుంచి వెండి వస్తువులకు కూడా ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్యతో హాల్‌మార్క్ వేసే పద్ధతి మొదలైంది. దీన్నే హెచ్‌యూఐడీ అంటారు. కొత్త ముద్రలో మూడు భాగాలుంటాయి. సిల్వర్ అనే ఇంగ్లిష్ మాటతో బీఐఎస్ గుర్తు ఒకటి, 925 లాంటి స్వచ్ఛత సంఖ్య రెండోది, ఆ వస్తువుకు మాత్రమే చెందిన ఆరక్షరాల సంఖ్య మూడోది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది ఏ రకం వస్తువో, ఎంత స్వచ్ఛతో, ఎక్కడ పరీక్షించారో కనిపిస్తుంది. చేతిలో ఉన్నది గిన్నె, యాప్‌లో చూపేది గజ్జెలు అయితే ఆ ముద్ర ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిందని అర్థం. ఈ పని దుకాణంలోనే, డబ్బు కట్టకముందే చేయాలి.

కేవలం ‘925’ అని మాత్రమే కొట్టిన ముద్ర హాల్‌మార్క్ కాదు. ఆ అంకెల అచ్చు ఎవరైనా చేయించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువుల ఫొటోల్లో కనిపించేది చాలాసార్లు ఇదే. హాల్‌మార్క్ ఉన్న వస్తువులో చెప్పిన స్వచ్ఛత లేదని తేలితే, తగ్గిన లోహం విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా పరిహారం అడిగే హక్కు కొన్నవారికి బీఐఎస్ నిబంధనల కింద ఉంది. ఉత్త అంకెల ముద్రకు ఆ రక్షణ లేదు.

ముద్ర లేని వస్తువైతే దుకాణంలోని ఎక్స్‌రే యంత్రంలో పెట్టి చూపమనవచ్చు. ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా ఈ యంత్రాలున్నాయి. అయితే ఆ యంత్రం పైపొరనే చదువుతుంది. మందంగా వెండి పూత పూసిన ఇత్తడి వస్తువును అది వెండి అనే చెప్పవచ్చు. అందువల్ల రీడింగ్‌తో పాటు బరువును కూడా గమనించాలి.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. వెండి సాంద్రత ఎక్కువ. గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి, అంకెను సున్నా చేయాలి. డొల్ల లేని వస్తువును దారంతో వేలాడదీసి, అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా ముంచాలి. త్రాసు చూపే అంకెతో వస్తువు బరువును భాగించాలి. 100 గ్రాముల 925 వెండి గ్లాసును ముంచితే త్రాసు దాదాపు 9.65 చూపుతుంది, భాగహారం 10.36 వస్తుంది. అదే బరువున్న జర్మన్ సిల్వర్ గ్లాసయితే 11.5 దాకా చూపి, ఫలితం 8.7 దగ్గర ఆగుతుంది. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. రాగి కలిసిన 80 టచ్ వెండి సాంద్రత 10.1 దాకా ఉంటుంది కాబట్టి 925కూ దానికీ తేడా ఇంటి త్రాసుతో నమ్మకంగా తేల్చలేం. వెండి కానిదాన్ని ఈ పరీక్ష పట్టిస్తుంది, తక్కువ పాళ్ల వెండిని పట్టించదు.

జర్మన్ సిల్వర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అందులో వెండి అసలు ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. పేరంటానికి వచ్చినవారికి పంచే చిన్న గిన్నెలు, పళ్లేలకు అది బాగానే ఉంటుంది, పేరు చెప్పి ఇస్తే మోసమేమీ లేదు. కానీ పసిపిల్లల కాళ్లకూ చేతులకూ వేసే వస్తువులకు మాత్రం వద్దు. నికెల్ పడని చర్మానికి దురద, దద్దుర్లు వస్తాయి.

ఎవరికి ఏది

బారసాల, అన్నప్రాశన వయసు బిడ్డకు గిన్నె, చెంచా, ఉగ్గుగిన్నె ఎప్పుడూ సరైన ఎంపికే. బెంగాల్‌లో కూడా అన్నప్రాశనకు వెండి గిన్నె, చెంచా ఇవ్వడం పాత ఆచారమే. ఎంచుకునేటప్పుడు అంచు లోపలికో బయటికో చుట్టి ఉందా, కత్తిలా పదునుగా ఉందా అన్నది పెదవికి ఆనించి చూడాలి. చెంచా కాడ మీద అతికించిన బొమ్మలు, రంగు రాళ్లు ఉంటే పక్కన పెట్టడం మంచిది. గజ్జెలు ఇవ్వాలనుకుంటే మువ్వలను ఒక్కొక్కటీ లాగి చూడాలి. ఊడిన మువ్వ పిల్ల నోట్లోకి వెళ్లే సైజులోనే ఉంటుంది. పైగా గజ్జెలు ఆరు నెలల్లో బిగుతవుతాయి. కొలత సర్దుకునే కొక్కెం ఉన్నవి తీసుకోవాలి, లేదా గిన్నెకే మొగ్గు చూపాలి.

ఉపనయనానికి పంచపాత్ర, ఉద్ధరిణి ఇవ్వడంలో ఒక ప్రయోజనం ఉంది. అవి నిజంగా వాడే వస్తువులు, పైగా ఉద్ధరిణి గట్టిగా ఉంటుంది కాబట్టి తక్కువ బరువులో కూడా మన్నుతుంది. బడ్జెట్ చాలకపోతే ఉద్ధరిణి ఒక్కటే ఇచ్చి, పంచపాత్ర మరొకరిని ఇవ్వమనడం పలచటి జత ఇవ్వడం కంటే మేలు.

పెళ్లికి సమస్య వేరు. పెళ్లికూతురికి ఆరు కుంకుమ భరిణెలు, నాలుగు అగరొత్తుల స్టాండ్లు వచ్చిపడతాయి. మెట్టెలు, పట్టీలు ఎవరు పెట్టాలన్నది ఇంటింటికీ మారుతుంది, దగ్గరి బంధువు కానివారు అందులోకి దిగకపోవడమే మర్యాద. దూరపు బంధువులు, స్నేహితులు ఇచ్చేదానికి పదీ ఇరవై గ్రాముల 999 నాణెం చాలా నిజాయతీగల కానుక. మజూరీ తక్కువ, అందరూ అదే ఇచ్చినా వృథా కాదు, తర్వాత కరిగించి తమకు నచ్చింది చేయించుకోవచ్చు. ఉత్తరాదిన ధన్‌తేరస్‌కు లక్ష్మీ గణపతుల నాణేలు కొనే అలవాటు ఉండటంతో దీపావళి ముందు ఇవి విరివిగా దొరుకుతాయి. ఒక్కటే జాగ్రత్త, ఒకటి రెండు గ్రాముల బుల్లి నాణేలకు ప్యాకింగ్, ముద్రణ ఖర్చు లోహం విలువతో పోలిస్తే ఎక్కువ పడుతుంది. అయిదు గ్రాములకు తగ్గకుండా ఉంటే మంచిది.

గృహప్రవేశానికి దీపపు కుందులు అందరికీ గుర్తొస్తాయి. అవి జతగానే ఇవ్వాలి, జతకు నిలకడైన బరువు వంద గ్రాముల దాకా కావాలి. పై ఉదాహరణ ధరలో 15 శాతం మజూరీతో అది దాదాపు 22,000 రూపాయలు. అంత పెట్టలేనప్పుడు ఎక్కువమంది చేసే తప్పు డొల్ల కుందులు కొనడం. కింద దిమ్మెలో లక్క నింపి బరువు పెంచినవీ ఉంటాయి. లక్కకు వెండి ధర కట్టారేమో బిల్లులో నికర బరువు చూస్తే తెలుస్తుంది. దీపం వేడికి లోపలి లక్క మెత్తబడితే కుంది ఒరుగుతుంది. ఆ డబ్బుకు గట్టి ఇత్తడి కుందులు మంచి పనితనంతో వస్తాయి. వెండే ఇవ్వాలన్న పట్టుదల ఉంటే చిన్న చెంబో, గంధపు గిన్నో సరి.

దేవుడి బొమ్మల విషయంలో ముందు అడగడం తప్పనిసరి. పూజలో ఎంత ఎత్తు విగ్రహం పెట్టాలి, డొల్ల విగ్రహం పెట్టవచ్చా, ఏ దైవం అన్నవాటిపై చాలా ఇళ్లలో పట్టింపులుంటాయి. ఇక మెరిసే పెట్టెల్లో ‘999 సిల్వర్’ అని రాసి అమ్మే బొమ్మలు, ఫ్రేములు ఎక్కువభాగం రెజిన్ మీద, బోర్డు మీద పరిచిన పలచటి వెండి రేకులు. 999 అన్నది ఆ రేకు స్వచ్ఛత. రేకు బరువు ఎంత అని అడిగితే అమ్మేవాళ్లు చాలాసార్లు తడబడతారు. ఆఫీసులో పదవీ విరమణ సన్మానానికి జ్ఞాపికగా అవి చెల్లుతాయి. వెండి కానుక అనుకుని కొనకూడదు.

షష్టిపూర్తి చేసుకునేవారికి, అంతకంటే పెద్దవారికి ఇచ్చేటప్పుడు వాళ్ల చేతులను గుర్తుపెట్టుకోవాలి. పువ్వులూ లతలూ చెక్కిన పెద్ద హారతి పళ్లెం నల్లబడితే దాన్ని తోమాల్సింది డెబ్బై ఏళ్ల అత్తయ్యే. నున్నటి చిన్న గ్లాసు, రోజూ మంచినీళ్లకు వాడుకునేది, ఆవిడకు ఎక్కువ పనికొస్తుంది. అరవై గ్రాముల గ్లాసుకు ఉదాహరణ ధరలో 13,000 దాటుతుంది. పిల్లలు, మేనల్లుళ్లు కలిసి కొంటే భారం కాదు.

వేరే మతానికి చెందిన స్నేహితులకు ఇచ్చేటప్పుడు ఒక సంగతి చాలామందికి తెలియదు. ఇస్లాం సంప్రదాయంలో వెండి, బంగారు పాత్రల్లో తినడం, తాగడం నిషిద్ధం. ప్రేమగా ఇచ్చిన వెండి గ్లాసు ఆ ఇంట్లో బీరువాకే పరిమితమవుతుంది. ఆభరణానికి అభ్యంతరం లేదు, మహిళలకు వెండి నగలు, పురుషులకు వెండి ఉంగరం చెల్లుతాయి. క్రైస్తవ కుటుంబాల్లో బిడ్డ బాప్తిస్మానికి వెండి కప్పు, చెంచా ఇవ్వడం పలుచోట్ల ఉన్న అలవాటే కాబట్టి అక్కడ తెలుగింటి గిన్నె, చెంచా యథాతథంగా పనికొస్తాయి.

పనితనానికే విలువ ఇచ్చేటప్పుడు

కొన్ని కానుకలను గ్రాముల లెక్కతో చూడకూడదు. కరీంనగర్ వెండి తీగ పని అలాంటిది, దీనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఒడిశాలోని కటక్ తారకసి దానికి బంధువే. వెండిని సన్నటి తీగగా లాగి, రెండు తీగలను పురిపెట్టి, నొక్కి, ఆకులూ పువ్వులుగా వంచి చట్రంలో అమర్చి టంకం పెడతారు. తీగ వంగాలంటే వెండి మెత్తగా ఉండాలి, అందుకే ఇందులో స్వచ్ఛత సాధారణంగా ఎక్కువే. కానీ ధరలో సింహభాగం చేతిపనిది. ఎప్పుడైనా అమ్మితే ఆ భాగం తిరిగి రాదు, తీగ పనిలో టంకం కూడా ఎక్కువ కాబట్టి కరిగించేవారు కోత కూడా పెడతారు. ఇలాంటి నెమలినో అత్తరుదానినో అందుకునేవారు కళను గుర్తించగలిగినవారైతేనే ఇవ్వాలి. పిల్లలున్న ఇంట్లో అందేచోట పెట్టేది కాదది, రోజూ వాడుకునేది అసలే కాదు. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూస్తే చేతిపని, అచ్చుపని తేడా తెలుస్తుంది. చేతిపనిలో తీగలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి, పోత పోసిన నకలులో అవి ఒకే ముద్దగా కలిసిపోయి ఉంటాయి.

బిద్రీ విషయంలో పొరపాటు ఇంకా ఎక్కువ. బీదర్ నల్లని కూజా మీద మెరిసేది వెండే, కానీ ఆ కూజా జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపిన లోహం. నల్లరంగు బీదర్ కోట మట్టితో చేసే ప్రక్రియ నుంచి వస్తుంది. పొదిగిన వెండి తీగ బరువు స్వల్పం. హైదరాబాద్‌లో అతిథులకు ఇచ్చే కానుకగా దానికి మంచి పేరుంది, వెండి పాత్ర ఇవ్వకూడని ఇళ్లకూ అది చక్కటి ప్రత్యామ్నాయం. వెండి వస్తువు ధర మాత్రం దానికి కట్టకూడదు. దీన్ని వెండి తోమినట్టు తోమితే నలుపు పోతుంది, ఆ ముక్క కానుకతో పాటే చెప్పాలి.

వెయ్యి రూపాయల లోపు బడ్జెట్‌కు వెండి ఇక సరిపడదనే చెప్పాలి. ఉదాహరణ ధరలో వెయ్యి రూపాయలకు వచ్చేది నాలుగు గ్రాముల చిల్లర. నలుగురు కలిసి ఒక వస్తువు కొనడమో, వెండి ఊసు లేకుండా మంచి రాగి చెంబు ఇవ్వడమో నయం. ఆఫీసులో పదిమంది తలా వెయ్యి వేసుకుంటే పైన లెక్క కట్టిన గిన్నె, చెంచా వస్తాయి.

కానుకతో పాటు వెళ్లాల్సినవి

ధర కనిపించే బిల్లు కానుకలో పెట్టడం మనవాళ్లకు మొహమాటం. కానీ బరువు, స్వచ్ఛత, హెచ్‌యూఐడీ రాసిన కాగితం లేకపోతే పదేళ్ల తర్వాత ఆ గిన్నె మార్చుకోవాలన్నప్పుడు పుచ్చుకున్నవారి చేతిలో ఏమీ ఉండదు. దుకాణదారు ‘ఇది డెబ్బై టచ్’ అంటే ఒప్పుకోవాల్సిందే. చాలా దుకాణాలు అడిగితే ధర లేకుండా వివరాలు మాత్రమే ఉన్న చీటీ రాసిస్తాయి. దాన్ని పెట్టెలో అడుగున పెట్టి, అసలు బిల్లు ఫొటో తీసి దాచుకుంటే చాలు. మార్పిడి గడువు ఎన్నాళ్లు, మార్చేటప్పుడు మజూరీ పోతుందా అన్నది కొన్న రోజే అడిగి ఆ చీటీ మీద రాయించుకోవచ్చు.

నల్లబడటం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కానుకగా వచ్చిన వెండి నల్లబడగానే ‘నకిలీ ఇచ్చారు’ అన్న అనుమానం మొదలవుతుంది. వెండి నల్లబడేది గాలిలోని గంధకపు వాయువుల వల్ల. గుడ్డు పచ్చసొన తగిలిన చెంచా పూటలోనే మారుతుంది. రబ్బరు బ్యాండు చుట్టి దాచితే బ్యాండు ఉన్న మేరకు నల్ల చార పడుతుంది. అది అసలైన వెండి లక్షణమే. నల్లబడి, తోమితే కింద ఎర్రగానో పచ్చగానో లోహం బయటపడితే మాత్రం అది పూత.

శుభ్రం చేయడానికి విభూతి పాత పద్ధతి, మెత్తటి బట్టతో అయితే ఇప్పటికీ మంచిదే. టూత్‌పేస్టు వెండి మీద సన్నని గీతలు వదులుతుంది. బాగా నల్లబడితే గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి, వెండి వస్తువు ఆ రేకును తాకేలా కొన్ని నిమిషాలు ఉంచాలి. నలుపు రేకు వైపు వెళుతుంది, వెండి అరగదు. రాళ్లు పొదిగినవాటికీ, కావాలనే నల్లరంగు దించిన ‘యాంటిక్’ వస్తువులకూ, లక్క నింపినవాటికీ ఇది పనికిరాదు. ఆరిన తర్వాత పాత నూలుగుడ్డలో చుట్టి, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెడితే వచ్చే పండుగ దాకా తోమాల్సిన పని ఉండదు.